ఇరవై నాలుగు వేల పంపుసెట్టు 'బి'లో ఎందుకుంది? మోటారు షాపు సరుకుతో ఏబీసీ విశ్లేషణ

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా విజయనగరంలో చిన్న షాపులవాళ్లకి స్టాకు లెక్కల టెన్షన్ మొదలవుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఇప్పుడు 'ఏబీసీ రిపోర్టు' అని ఒకటి ఇస్తున్నాయి. షాపులో ఉన్న ప్రతి వస్తువు పక్కనా ఏ, బి, సి అని ఒక అక్షరం ఉంటుంది. అది చూసి ఏ అంటే మంచి సరుకు, సి అంటే పక్కన పడేయాల్సిన సరుకు అనుకునేవాళ్లు ఉన్నారు. ఏ అంటే ఖరీదైనది అనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. రెండూ తప్పే, రెండో తప్పు వల్ల డబ్బు కూడా పోతుంది.

మా మావయ్యకి పట్టణం శివార్లలో వ్యవసాయ పంపు మోటార్లకి వైరు మళ్లీ చుట్టే రివైండింగ్ షాపు ఉంది, దాని లెక్కలు నేను చూస్తాను. ఆ రిపోర్టు మొదటిసారి చూపించినప్పుడు ఆయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. "అదేటి, ఇరవై నాలుగు వేల పంపుసెట్టూ, నూట ఇరవై రూపాయల కెపాసిటరూ ఒకే బిలో ఉండడమేటి?" అన్నారు. ప్రశ్న సరైనదే. దానికి జవాబు తెలిస్తే ఏబీసీలో సగం తెలిసినట్టే.

అక్షరం కొలిచేది రేటుని కాదు

ఏబీసీ విశ్లేషణ ఒక్కటే అడుగుతుంది: ఈ వస్తువు మీద ఏడాది మొత్తంలో మన డబ్బు ఎంత కదిలింది? ఏడాదిలో వాడిన లేదా అమ్మిన పరిమాణాన్ని కొనుగోలు రేటుతో గుణిస్తే వచ్చే సంఖ్య అది. దాన్ని వార్షిక వినియోగ విలువ అంటారు. ఆ విలువ ప్రకారం వస్తువుల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి, పైనుంచి కూడుకుంటూ వస్తే దాదాపు ఏ షాపులో చూసినా ఒకే బొమ్మ కనిపిస్తుంది. పైన ఉన్న నాలుగైదు రకాలు మొత్తం డబ్బులో చాలా భాగం తినేస్తాయి, కింద ఉన్న వందల రకాలు కలిపినా కొంచెమే అవుతుంది. పైవి ఏ, మధ్యవి బి, కిందవి సి.

ఇటలీ ఆర్థికవేత్త విల్ఫ్రెడో పరేటో పందొమ్మిదో శతాబ్దం చివర్లో సంపద పంపకంలో ఇలాంటి అసమానతనే చూపించాడు. దాన్ని స్టోర్ల లెక్కలోకి తెచ్చి ఏబీసీ అనే పేరుతో 1951లో వివరించినవాడు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫోర్డ్ డికీ. కామర్స్ చదివే పిల్లలకి ఇంకో ఏబీసీ కూడా తగులుతుంది, యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అని. అది ఖర్చుల్ని పనుల వారీగా పంచే పద్ధతి, దీనికీ దానికీ సంబంధం లేదు.

పన్నెండు రకాలతో లెక్క

షాపులో నాలుగు వందల పైచిలుకు రకాలున్నాయి. చూపించడానికి పన్నెండే తీసుకున్నాను. లెక్క తేలికగా ఉండడానికి అంకెల్ని గుండ్రంగా వేశాను, కాబట్టి వీటిని మార్కెట్ రేట్లుగా చూడొద్దు.

| వస్తువు | ఏడాది వాడకం | కొనుగోలు రేటు (రూ.) | విలువ (రూ.) | పైనుంచి కూడితే |
|---|---|---|---|---|
| సబ్‌మెర్సిబుల్ వైండింగ్ వైరు | 600 కిలోలు | 1,100 | 6,60,000 | 44% |
| ఎనామెల్ వైరు | 300 కిలోలు | 1,000 | 3,00,000 | 64% |
| ఫ్లాట్ కేబుల్ | 2,000 మీటర్లు | 90 | 1,80,000 | 76% |
| కొత్త పంపుసెట్టు | 4 | 24,000 | 96,000 | 82.4% |
| బాల్ బేరింగులు | 600 | 140 | 84,000 | 88% |
| కెపాసిటర్లు | 500 | 120 | 60,000 | 92% |
| థ్రస్ట్ బేరింగులు | 80 | 500 | 40,000 | 94.7% |
| స్టార్టర్ రిలేలు | 60 | 500 | 30,000 | 96.7% |
| ఇన్సులేషన్ పేపరు | 50 కిలోలు | 400 | 20,000 | 98% |
| వార్నిష్ | 60 లీటర్లు | 250 | 15,000 | 99% |
| ఆయిల్ సీళ్లు | 200 | 50 | 10,000 | 99.7% |
| కాటన్ టేపు | 500 చుట్టలు | 10 | 5,000 | 100% |

మొత్తం పదిహేను లక్షలు. అందులో పదకొండు లక్షల నలభై వేలు మొదటి మూడు రకాలవే. మావయ్య అడిగినదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. పంపుసెట్టు రేటు ఎక్కువే కానీ ఏడాదికి నాలుగే పోయాయి, కెపాసిటరు రేటు తక్కువే కానీ ఐదు వందలు పోయాయి. ఏడాది చివర్లో ఒకదాని మీద తొంభై ఆరు వేలు, ఇంకోదాని మీద అరవై వేలు కదిలాయి, అందుకే రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. రేటు చూసి జాగ్రత్తపడేవాళ్లు పంపుసెట్టుకి గొలుసు కట్టి తాళం వేస్తారు, రాగి వైరు చుట్టలు మాత్రం బల్ల కింద దొర్లుతుంటాయి. మా షాపులోనూ చాలా ఏళ్లు అలాగే జరిగింది.

సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఎక్సెల్‌లో ఇది పది నిమిషాల పని. పేరు A కాలమ్‌లో, వాడకం Bలో, రేటు Cలో పెట్టి, D2లో మొదటి సూత్రం రాసి కిందికి లాగాలి. D ప్రకారం పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేశాక E2లో రెండోది రాసి, దాన్ని కూడా కిందికి లాగి, E కాలమ్‌ని శాతాల్లోకి మార్చాలి. రెండో సూత్రంలో 13 అంటే పన్నెండు రకాల పట్టీలో చివరి వరస, మీ పట్టీ పొడవుని బట్టి దాన్ని మార్చుకోవాలి.

```
=B2*C2
=SUM(D$2:D2)/SUM(D$2:D$13)
```

గీత ఎక్కడ గీయాలన్నది మీ చేతిలోనే ఉంది

కొందరు 70, 20, 10 శాతాలుగా విడగొడతారు, కొందరు 80, 15, 5గా. ఏది రైటు అని వాదనలు కూడా జరుగుతుంటాయి. నిజానికి ఇందులో చట్టంలాంటిదేమీ లేదు. పై లెక్కలో 80 దగ్గరే గీయాలని పట్టుబడితే ఆ గీత పంపుసెట్టు మధ్యలోంచి పోతుంది. నేను విలువల కాలమ్‌లో ఆ చుట్టుపక్కల పెద్ద దిగుడు ఎక్కడుందో చూశాను. కేబుల్ లక్షా ఎనభై వేలు, దాని తర్వాతది తొంభై ఆరు వేలు, అంటే దాదాపు సగానికి పడిపోయింది. అక్కడ మొదటి గీత పెట్టాను. రెండో గీత కెపాసిటర్ల తర్వాత. కింద మిగిలిన ఆరు రకాలు కలిపినా లక్షా ఇరవై వేలే, మొత్తంలో ఎనిమిది శాతం. థ్రస్ట్ బేరింగుల్ని బిలో పెడతానని ఎవరైనా అంటే నేను గొడవపడను. సరిహద్దులో ఉన్నవాటికి ఏ అక్షరం పెట్టినా కొంప మునగదు.

వైరంతా ఒకే వస్తువా?

నన్ను బాగా తికమక పెట్టింది ఇదే. ఏబీసీ నేర్పేవాళ్లు దీన్ని ఎక్కువగా పట్టించుకోరు కూడా.

టేబుల్‌లో సబ్‌మెర్సిబుల్ వైండింగ్ వైరు అని ఒక్క లైనులో రాశాను. కానీ అరలో ఉన్నది ఒక్క వైరు కాదు, ఏడు సైజులు. మోటారు హార్స్‌పవరుని బట్టి, దాని డిజైనుని బట్టి వైరు మందం మారుతుంది. 1.0 మిల్లీమీటరు వైరు కావాల్సిన చోట 1.4 చుట్టడం కుదరదు, స్లాట్లలో పట్టదు. అంటే ఒక సైజు మరో సైజుకి బదులు పనికిరాదు. బదులు పనికిరానప్పుడు అవి వేర్వేరు వస్తువులే, లెక్క కూడా వేరుగానే వేయాలి.

ఆరు వందల కిలోల్ని విడదీసి చూస్తే 1.0 మిల్లీమీటరు 210 కిలోలు, 0.9 మిల్లీమీటరు 180, 1.2 మిల్లీమీటరు 120 వచ్చాయి. మిగతా నాలుగు సైజులూ కలిపి 90. ఆ నాలుగింట్లో 1.4 మిల్లీమీటరు వైరు ఏడాదికి 12 కిలోలే వాడాం, విలువ 13,200 రూపాయలు. అంటే 'ఏ' అని ముద్ర వేసుకున్న వైరులో ఒక సైజు నిజానికి సి. అరలో చూస్తే ఆ సైజు 30 కిలోలు ఉంది. రెండున్నరేళ్ల వాడకానికి సరిపడే సరుకు, 33,000 రూపాయలు చుట్ట రూపంలో కదలకుండా కూర్చున్నాయి. అన్ని సైజుల్నీ ఒకే లైనులో చూసినన్నాళ్లూ ఇది బయటపడలేదు, ఎందుకంటే మొత్తం వైరు మాత్రం చకచకా కదులుతూనే ఉంది.

ఇందులోంచే ఇంకో విషయం కూడా బయటికొస్తుంది. ఏబీసీ చూసేది కదిలిన డబ్బుని, నిలిచిపోయిన డబ్బుని కాదు. నిలిచినదాన్ని పట్టుకోవాలంటే ఈ రోజు అరలో ఉన్న సరుకు విలువని పక్కన మరో కాలమ్‌లో రాసి, వాడకంతో పోల్చి చూడాలి. కొందరు అకౌంటెంట్లు పాత సరుకు పట్టీ వేరేగా తీస్తారు. ఏ పేరుతో చేసినా ఫరవాలేదు, కానీ ఏబీసీ రిపోర్టు ఒక్కటే చూసి స్టాకు బాగుందనుకోకూడదు.

'ఏ' సరుకు మీద గట్టి పట్టు అంటే వారం వారం ఏం చేస్తారు

'ఏ' అక్షరం పడ్డ సరుకుని కంట్రోల్ చేయాలని ఎవరైనా అంటారు. కంట్రోల్ అంటే ఏమిటో చెప్పకపోతే ఆ మాటకి అర్థం లేదు. 1.0 మిల్లీమీటరు వైరు మీద మేం ఏం మార్చామో చెబుతాను.

మొదటిది కొనుగోలు. ఇదివరకు విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఒకేసారి చాలా తెచ్చేసేవాళ్లం, ఒక్కోసారి 70 కిలోల దాకా ఉండేది. రబీ మొక్కజొన్న సీజనులో వారానికి గరిష్ఠంగా 9 కిలోలు వాడతాం. ఆర్డరు పెడితే మూడు రోజుల్లో వస్తుంది, ఆ మూడు రోజుల్లో 4 కిలోలు పోతుంది. బండి ఆలస్యమైనా పని ఆగకుండా ఇంకో వారం సరుకు 9 కిలోలు కలిపితే 13. దాన్ని 15 చేసుకున్నాం. అరలో 15 కిలోలకి దిగగానే 20 కిలోలు ఆర్డరు పెడతాం. సీజనులో సరుకు దిగేసరికి 31 కిలోల దగ్గర ఉంటుంది. పాత 70తో పోలిస్తే 39 కిలోలు తక్కువ, రూపాయల్లో 42,900. రాగి రేటు లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధరని బట్టి ఊగుతుంటుంది కాబట్టి ఎక్కువ సరుకు పెట్టుకోవడమంటే తెలియకుండానే రాగి మీద పందెం కాయడమే. రేటు పెరిగితే లాభం కదా అని మావయ్య అంటారు, అది నిజమే. కానీ దిగినప్పుడు నష్టం కూడా మనదే, పైగా ఆ డబ్బు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టులో వడ్డీకి తెచ్చింది. తరచుగా తెప్పించుకుంటే రవాణా ఖర్చు కొంచెం పెరుగుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. వైరులాంటి సరుకుకి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, కాటన్ టేపుకి గిట్టుబాటు కాదు.

రెండోది తూకం. ప్రతి శనివారం సాయంత్రం 'ఏ'లో ఉన్న సైజుల చుట్టల్ని మాత్రమే తూస్తాం. ఇందులో అందరూ చేసే పొరపాటు వైరు చుట్టి ఉండే బాబిన్ బరువు తీయకపోవడం. బాబిన్‌తో కలిపి 23.4 కిలోలు తూగితే, ఖాళీ బాబిన్ 1.4 కిలోలైతే వైరు 22 కిలోలే. ఖాళీ బాబిన్ బరువుని మార్కరుతో దాని మీదే రాసి పెట్టాం.

మొదటి నెలలో ఒక శనివారం పుస్తకంలో 24 కిలోలు ఉండాలి, తూస్తే 22 వచ్చింది. రెండు కిలోలంటే 2,200 రూపాయలు. మొదట దొంగతనమేమో అనిపించింది. కానీ తర్వాతి వారం కూడా తరుగు వచ్చింది, ఆ తర్వాత కూడా వచ్చింది, ప్రతిసారీ జరిగిన పనికి తగ్గట్టే. తరుగు అలా పనితోపాటు పెరుగుతుంటే కారణం సాధారణంగా రాసే పద్ధతిలో ఉంటుంది. పనివాడు జాబ్ కార్డులో వైరు బరువుని అంచనాగా రాస్తున్నాడు, చివర్లో మిగిలిన ముక్కలు తూకం లేకుండా పాత రాగి సంచీలోకి పోతున్నాయి. చుట్టే ముందు ఒకసారి, చుట్టాక ఒకసారి బాబిన్ తూయడం మొదలుపెట్టాక తేడా మాయమైంది. అదే తరుగు ఎప్పుడూ లేకుండా ఒక్క వారంలో పెద్దగా కనిపిస్తే అప్పుడు వెతకాల్సింది వేరు: ఎక్కించని జాబ్ కార్డు, తక్కువ తూకంతో వచ్చిన సరుకు, లేదంటే బయటికి పోయిన చుట్ట.

నాలుగు వందల రకాల్నీ వారం వారం ఇలా తూయాలంటే ఒక మనిషి ఆ పనికే కూర్చోవాలి. బి సరుకుని మేం నెలకోసారి లెక్కపెడతాం. సి సరుకుకి రెండు డబ్బాల పద్ధతి పెట్టాం. ఒకే సైజు సీళ్లు రెండు డబ్బాల్లో ఉంటాయి, ముందు డబ్బా ఖాళీ అయితే వెనక డబ్బా తెరిచి, ఖాళీ డబ్బాని కౌంటరు మీద పెడతారు. ఆ ఖాళీ డబ్బాయే ఆర్డరు చీటీ. పుస్తకంలో ఒక్కొక్క సీలూ రాయక్కర్లేదు.

యాభై రూపాయల సీలు ఆపేసిన మూడు మోటార్లు

సి అంటే ముఖ్యం కానిది అని అనుకుంటే ఎలా ఉంటుందో రెండేళ్ల కింద ఫిబ్రవరిలో చూశాం. అప్పటికింకా డబ్బాల పద్ధతి లేదు. ఒక సైజు ఆయిల్ సీలు అయిపోయింది, ఎవరూ గమనించలేదు. సబ్‌మెర్సిబుల్ మోటారు షాఫ్టు దగ్గర ఆ సీలు లేకపోతే ఇసుక కలిసిన నీళ్లు లోపలికి పోతాయి. అది వేయకుండా మోటారు పంపితే నెలలోపే తిరిగి వస్తుంది. వైండింగంతా పూర్తయిన మూడు మోటార్లు రెండు రోజులు అలాగే ఉండిపోయాయి. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన రైతు మొక్కజొన్న పూత మీద ఉందనీ, ఇప్పుడు తడి పడకపోతే గింజ కట్టదనీ చెబుతూ షాపు ముందే కూర్చున్నాడు. ఆయన ముందు నిలబడి యాభై రూపాయల వస్తువు లేదని చెప్పాల్సి వచ్చింది.

ఈ లోటుని పూడ్చడానికి వేడ్ అని ఇంకో విభజన ఉంది. వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్. వస్తువు లేకపోతే పని ఆగిపోతుందా, ఇబ్బందితో నడుస్తుందా, పెద్దగా తేడా ఉండదా అన్నది అది అడుగుతుంది. ఆసుపత్రుల మందుల స్టోర్లలో ఏబీసీనీ దీన్నీ కలిపి వాడతారు, ఎందుకంటే అక్కడ చవక మందు ప్రాణం నిలబెట్టేది కావచ్చు. మా షాపులో సీళ్లు, థ్రస్ట్ బేరింగులు డబ్బు లెక్కలో సి, అవసరం లెక్కలో వైటల్. కాబట్టి వాటిని తేలిగ్గా లెక్కపెడతాం కానీ ఎక్కువగా ఉంచుతాం. సీజనులో వారానికి పది సీళ్లు పోతాయి, వంద ఉంచినా ఐదు వేలే అవుతుంది. ఆ డబ్బాల మీద ఎర్ర టేపు అంటించాం.

అలాగని సి సరుకంతా గుట్టగా తెచ్చి పోయమని కాదు. వార్నిష్‌కి గడువు ఉంటుంది, డబ్బాలో చిక్కబడిపోతుంది, పైగా మంట అంటుకునే సరుకు. రబ్బరు సీళ్లు రేకుల కప్పు కింద ఎండలకి ఏళ్ల తరబడి పడి ఉంటే గట్టిపడతాయి. చవక కాబట్టి ఏడాది సరుకు ఒకేసారి తీసుకోమనే సలహా టేపుకి సరిపోతుంది, వీటికి సరిపోదు.

సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదెందుకు అనేవాళ్ల మాట

ఏబీసీని పాతకాలపు పద్ధతి అనేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. చీటీల మీద స్టాకు రాసుకునే రోజుల్లో అన్నిటినీ చూడడం కుదరదు కాబట్టి కొన్నిటినే చూశారు, ఇప్పుడు బార్‌కోడు కొడితే ప్రతి వస్తువూ క్షణంలో తగ్గుతుంది, ఇంక విభజన ఎందుకు అంటారు. రాసే పని వరకు అది నిజం. కానీ సాఫ్ట్‌వేర్ చూపించేది పుస్తకంలో ఉన్న స్టాకుని, అరలో ఉన్నదాన్ని కాదు. ఆ రెండు కిలోల తరుగు కంప్యూటర్లో ఎక్కడా లేదు, కాటా మీదే కనిపించింది. తూయడానికి, రేటు మాట్లాడడానికి, సరఫరాదారుకి ఫోను చేయడానికి మనిషి సమయం కావాలి, దాన్ని దేని మీద పెట్టాలో చెప్పేది ఈ విభజనే. నా మొగ్గు ఇటువైపే.

ఇంకో వాదన రిటైల్ వ్యాపారం చేసేవాళ్లది. మాకు కదిలిన డబ్బు కాదు, వచ్చిన లాభం ముఖ్యం, కాబట్టి లాభాన్ని బట్టే పేర్చాలి అంటారు. పచారీ షాపుకి, బట్టల షాపుకి ఏది ముందు వరసలో పెట్టాలో తేల్చడానికి అది బాగా పనికొస్తుంది. డబ్బు ఎక్కడ ఇరుక్కుందో, ఎక్కడ కారిపోతుందో తెలియాలంటే మాత్రం కొనుగోలు విలువే చూడాలి. రెండు ప్రశ్నలు వేరు కాబట్టి రెండు పట్టీలు పెట్టుకున్నా తప్పు లేదు.

తుపాను ఏడాది అంకెలు

ఈ పద్ధతి అంతా నిరుటి వాడకం మీద నిలబడుతుంది, మన జిల్లాల్లో నిరుడు ఎప్పుడూ మామూలుగా ఉండదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి దెబ్బ తర్వాత నీళ్లలో మునిగిన మోటార్లు వరస కడితే ఎనామెల్ వైరు, వార్నిష్, స్టార్టర్ సామాను వాడకం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ పన్నెండు నెలల లెక్కతో అక్షరాలు వేస్తే సి సరుకు బిలోకి ఎక్కుతుంది, ఎక్కువ ఆర్డర్లు పోతాయి, మరుసటి ఏడాది అవి అరలో మిగులుతాయి. అందుకని అసాధారణంగా ఉన్న నెలల్ని పక్కన పెట్టి, వాటి బదులు అంతకుముందు ఏడాది అవే నెలలు వేసుకుని లెక్క చేయడం మంచిది. సీజను వస్తువులకి కూడా మూడు నెలల అంకెలు చాలవు, పూర్తి ఏడాది తీసుకోవాలి. ఫిబ్రవరిలో తీసిన మూడు నెలల రిపోర్టుకీ, ఆగస్టులో తీసినదానికీ మా షాపులో పోలికే ఉండదు.

అసలు నిరుటి అంకెలే లేని వస్తువు సంగతి వేరు. ఈ మధ్య సోలార్ పంపు కంట్రోలర్లు రిపేరుకి వస్తున్నాయి, వాటిలో వేసే ఎలక్ట్రానిక్ కార్డులు నాలుగు తెప్పించాం. సాఫ్ట్‌వేర్ దృష్టిలో వాటి వాడకం సున్నా, కాబట్టి సి అని వేసేసింది. నేను దాన్ని చేత్తో మార్చి బిలో పెట్టి, నెల నెలా లెక్కపెట్టే పట్టీలో చేర్చాను. మూడు నెలల్లో ఎన్ని పోతాయో చూసి మళ్లీ అక్షరం వేస్తాను.